కౌన్సిల్ సమావేశం రాతప్రతిని ఒక పేజీ లెక్కగా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పురపాలక సమావేశం రికార్డింగు విని, రాతప్రతిగా టైపు చేసి, అందులో మన వార్డుకు ఏం మంజూరైందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలే ఇక్కడ ఉన్నాయి. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా అర్థమవుతుంది. ఉదాహరణల్లోని రూపాయలు, వార్డు నంబర్లు పద్ధతి చూపడానికి అనుకున్నవే. అవి ఏ ఊరి లెక్కలూ కావు.

## కూర్చునే ముందు

రాతప్రతి ఒక్కటే ఉంది, అజెండా కాపీ లేదు. సారాంశం రాసేయొచ్చా?

రాయొద్దు. సమావేశంలో అంశాన్ని పూర్తిగా చదవడం అరుదు. చాలాసార్లు చైర్‌పర్సన్ "పదకొండు" అంటారు, సభ్యులు "పాస్" అంటారు, అంతటితో అయిపోతుంది. ఆ పదకొండో అంశం ఏమిటి, ఎన్ని లక్షలు, ఏ నిధి అన్నది అజెండా కాగితంలోనే ఉంటుంది. రాతప్రతి ఒక్కటే పట్టుకుంటే అరుచుకున్న విషయాలే సారాంశంలోకి వస్తాయి, ఎవరూ నోరెత్తని రెండు కోట్ల పని జారిపోతుంది. అజెండాను పక్కన పెట్టుకుని, అంశం నంబరు వారీగా రాతప్రతిని దానికి జతచేస్తూ పోవాలి.

అజెండా ఎవరిని అడగాలి? ఆఫీసులో ఇవ్వం అంటున్నారు.

సమావేశానికి ముందే అజెండా ప్రతి సభ్యుడి ఇంటికీ చేరుతుంది. మీ వార్డు కౌన్సిలర్‌నో, కార్పొరేటర్‌నో అడిగి ఫోన్‌లో ఫొటోలు తీసుకోవడం అన్నిటికన్నా తేలిక దారి. ఆయన కుదరదంటే పక్క వార్డు సభ్యుణ్ణి అడగండి. ప్రతిపక్ష సభ్యులు తొందరగా ఇస్తారు.

ఎవరూ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. పురపాలక కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు. మండల స్థాయిలో 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. "సమావేశం వివరాలు ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. "ఫలానా తేదీ సాధారణ సమావేశం అజెండా, అనుబంధ అజెండా, టేబుల్ అజెండా, తీర్మానాల నకలు" అని నాలుగూ విడివిడిగా అడగండి.

టేబుల్ అజెండా అంటే ఏమిటి? దాన్ని ఎందుకు విడిగా అడగాలి?

ముందుగా పంపిన అజెండాలో లేకుండా సమావేశం రోజు సభ్యుల బల్ల మీద పెట్టే అంశాల జాబితా అది. అత్యవసరం అన్న పేరుతో వస్తుంది. నిజంగా అత్యవసరమైనవి కూడా ఉంటాయి, వేసవిలో మోటారు కాలిపోతే నెల రోజులు ఆగలేం కదా. కానీ సభ్యులకు చదివే సమయం దొరకదు కాబట్టి చర్చ ఉండదు, చర్చ లేదు కాబట్టి రాతప్రతిలో దాని ఆనవాలూ ఉండదు. సారాంశంలో ఈ అంశాల పక్కన "టేబుల్ అజెండా" అని రాసిపెట్టండి. వ్యాఖ్య అక్కర్లేదు, ఆ రెండు మాటలు చాలు.

## రాతప్రతి చదివేటప్పుడు

అరవై పేజీలుంది. మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందేనా?

చివరికి చదవాల్సిందే, కానీ మొదటి విడతలో కాదు. ముందు అంశం నంబర్లు పలికిన చోట్లు మాత్రమే వెతికి, పక్కన రికార్డింగు సమయం రాసుకోండి: అంశం 11, 1 గంట 14 నిమిషాలు, ఇలా. తర్వాత ప్రతి నంబరు కింద చైర్‌పర్సన్ లేదా మేయర్ చివరిగా అన్న మాట పట్టుకోండి. అది పాస్, వాయిదా, తిరస్కరణ, సవరణతో ఆమోదం అనే నాలుగింటిలో ఒకటవుతుంది. ఈ రెండు పనులూ అయ్యాకే చర్చ చదవాలి. ముందే చర్చలో పడితే గట్టిగా మాట్లాడిన సభ్యుడి వాదనే నిర్ణయం అనిపించే ప్రమాదం ఉంది.

కమిషనర్ "చేయిస్తాం" అన్నారు. దాన్ని నిర్ణయంగా రాయొచ్చా?

రాయకూడదు. అది హామీ. "చూస్తాం", "పరిశీలిస్తాం", "ఎస్టిమేట్ వేయిస్తాం", "ప్రతిపాదన పంపినాం" అనేవన్నీ హామీలే. వీటిలో దేనికీ రూపాయి కేటాయింపు ఉండదు. తీర్మానం నంబరు పడితేనే నిర్ణయం.

అలాగని హామీలను వదిలేయకండి, జనం అడిగేది ఎక్కువగా వాటి గురించే. పేజీ అడుగున "సమావేశంలో ఇచ్చిన మాటలు" అని వేరే గడి పెట్టి, ఎవరు, ఏ హోదాలో, ఏ నిమిషంలో అన్నారో రాయండి. వచ్చే సమావేశంలో సభ్యులు అడగడానికి అదే పనికొస్తుంది. "ప్రతిపాదన పంపినాం" అన్నప్పుడు ఎక్కడికి పంపారో కూడా ఉండాలి. ప్రభుత్వానికి పంపితే డబ్బు రావడం కౌన్సిల్ చేతిలో లేదు.

గొడవ మధ్యలో "1 నుంచి 22 దాకా అన్నీ పాస్" అని ముగించేశారు. దీన్ని ఎలా రాయాలి?

రాయలసీమలోనే కాదు, ఎక్కడైనా ఇది మామూలే. రాతప్రతిలో ఇది ఒకే ఒక్క లైను. కానీ ఆ లైను కింద ఇరవై రెండు నిర్ణయాలున్నాయి. అజెండా తీసి 1 నుంచి 22 వరకు ప్రతి అంశాన్నీ విడిగా రాసి, అన్నిటికీ కలిపి పైన ఒక వాక్యం పెట్టండి: "ఈ 22 అంశాలు విడివిడిగా చర్చించకుండా ఒకేసారి ఆమోదించారు (2 గంటల 6వ నిమిషం)."

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. అంతకు ముందే ఏదైనా అంశాన్ని వాయిదా వేసి ఉంటే, గంపగుత్త ఆమోదంలో అదీ కలిసిందా లేదా అన్నది రికార్డింగుతో తేలదు. గంట క్రితం 9వ అంశం "వచ్చే మీటింగుకు పెడదాం" అన్నారు, ఇప్పుడు "అన్నీ పాస్" అన్నారు. అప్పుడు 9వ అంశం పక్కన "వాయిదా అన్నారు, తర్వాత మొత్తం ఆమోదంలో చేరిందో లేదో తీర్మానాల నకలు చూడాలి" అని రాయండి. ఊహించి ఏదో ఒకటి రాయడం కన్నా అది మేలు.

అంకెలు టైపు చేసేటప్పుడు ఎక్కువగా తప్పేది ఎక్కడ?

ఒక్క చోటే పదే పదే తప్పుతారు: "కోటీ ఐదు లక్షలు". అది 1.05 కోట్లు. తొందరలో 1.5 కోట్లు అని రాస్తే ఒక్క చుక్క దగ్గర 45 లక్షలు పెరుగుతాయి. "ఒకటీ ఇరవై" అంటే సందర్భాన్ని బట్టి 1.20 కోట్లు కావచ్చు, 120 మీటర్లు కావచ్చు. "ఒకటింబావు" అంటే 1.25, "ఒకటిన్నర" అంటే 1.50. "పదీ పదిహేను లక్షలు" అన్నది అసలు అంకే కాదు, నోటి అంచనా. దాన్ని మొత్తంగా రాయకూడదు.

అందుకే ప్రతి మొత్తాన్నీ లక్షల్లోకి మార్చి ఒకే ప్రమాణంలో పెట్టుకోండి: 105 లక్షలు, 120 లక్షలు. తర్వాత అజెండాలోని అంకెతో పోల్చండి. రెండూ కలవకపోతే ఆ నిమిషం మళ్లీ వినండి. విన్నాక కూడా తేడా ఉంటే అజెండా అంకె రాసి, నోటితో అన్న అంకెను బ్రాకెట్లో పెట్టండి.

మాటలు సరిగానే టైపు చేశాం, అయినా పని ఏ చోటిదో తప్పుగా పోయింది. ఎందుకు?

మన దగ్గర "వంక" అంటే వాగు. కడపలో బుగ్గవంక, అనంతపురంలో నడిమివంక అందరికీ తెలుసు. కానీ సభలో "ఆ వంక పని ఆపినారు" అంటే వాగు పనా, ఆ వైపు పనా, సాకు చెప్పి ఆపారా అన్నది మాటల్లో తేలదు. "మరువ", "బిట్టు", "క్రాస్" కూడా ఇలాంటివే. రెండో చిక్కు వార్డు నంబర్లతో. వార్డుల పునర్విభజన తర్వాత కూడా సభ్యులు పాత నంబరుతోనే మాట్లాడుతుంటారు. మూడోది, ఒకే పేరుతో రెండు కాలనీలు. కాబట్టి నంబరూ పేరూ నమ్ముకోకుండా, అజెండాలో "ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా" అని ఉండే హద్దులు రాయండి. ఆ హద్దులు చదివితే వీధిలో ఉన్నవాళ్లు తమ పని అవునో కాదో వెంటనే చెప్పేస్తారు.

## డబ్బు దగ్గర

ఒకే డ్రెయినుకు 40 లక్షలని ఒకరు, 32.50 అని ఇంకొకరు, 28.60 అని మరొకరు అన్నారు. ఎవరు అబద్ధమాడుతున్నారు?

ఎవరూ ఆడకపోవచ్చు. మూడూ ఒకే పనికి మూడు దశల్లో ఉండే అంకెలు.

40 లక్షలు మొత్తం అంచనా. అందులో పని విలువతోపాటు జీఎస్టీ, 1 శాతం కార్మిక సెస్సు, నాణ్యత పరీక్షల వంటి చిల్లర ఖర్చులు కలిసి ఉంటాయి. అవి తీసేసి కాంట్రాక్టర్ల ముందు పెట్టే పని విలువ 32.50 లక్షలు. టెండరులో కాంట్రాక్టరు దాని మీద "12 శాతం లెస్" వేశాడు. అంటే 32.50లో 12 శాతం, 3.90 లక్షలు తగ్గించి 28.60 లక్షలకు చేస్తానన్నాడు. దీని మీద 18 శాతం జీఎస్టీ పడితే 33.75 లక్షల దాకా అవుతుంది. 40 లక్షలతో 28.60ని నేరుగా పోల్చి "11 లక్షలు మిగిలాయి" అని గ్రూపులో పెట్టేవాళ్లు ఇక్కడే పొరపడతారు. ఒక అంకెలో పన్ను ఉంది, ఇంకో అంకెలో లేదు.

జనానికి రాసేటప్పుడు రెండే ఇవ్వండి: మంజూరైన అంచనా, ఒప్పుకున్న టెండరు ధర (పన్నులు కాకుండా). ఏ దశ అన్న మాట లేకుండా అంకె ఎప్పుడూ రాయొద్దు. "డ్రెయినుకు 40 లక్షలు" అంటే చదివేవాళ్లకు డబ్బు ఖర్చయిపోయినట్టు వినిపిస్తుంది. "అంచనా 40 లక్షలు, టెండరు 28.60 లక్షలకు ఆమోదం, పని మొదలు కాలేదు" అంటే ఉన్నది ఉన్నట్టు అర్థమవుతుంది.

టెండరు మరీ ఎక్కువ లెస్‌కు పోయిందంటే సంతోషించే ముందు ఆగండి. 25, 30 శాతం తగ్గించినవాడు ఆ పనిని ఆ ధరకు ఎలా ముగిస్తాడన్నది సభ్యులు అడగాల్సిన ప్రశ్న. ఎవరైనా అడిగి ఉంటే, ఇంజినీరు ఏం చెప్పాడో ఒక వాక్యంలో పెట్టండి.

ఏ నిధి నుంచి వస్తుందో జనానికి ఎందుకు? డబ్బు డబ్బే కదా?

కాదు. సాధారణ నిధి అంటే మనం కట్టిన ఆస్తి పన్ను, నీటి చార్జీలు, దుకాణాల అద్దె లాంటివి. దాన్ని కౌన్సిల్ తన ఇష్టం మేరకు మార్చుకోగలదు. ఆర్థిక సంఘం నిధుల్లో ఒక భాగం నీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉంటుంది. "ఆ డబ్బుతో మా వీధి లైట్లు వేయొచ్చుగా" అన్న ప్రశ్నకు జవాబు నిధి పేరులోనే ఉంది. పైగా గ్రాంటు పనులు గ్రాంటు విడుదలను బట్టే నడుస్తాయి. తీర్మానం అయినా డబ్బు రాక పని నిలిచిపోతే కారణం వెతకాల్సింది అక్కడే.

"ర్యాటిఫికేషన్" అని అజెండాలో పదిసార్లు ఉంది. అవి కొత్త పనులేనా?

కావు. అప్పటికే అత్యవసరమని చేసేసిన పనికో, పెట్టేసిన ఖర్చుకో తర్వాత కౌన్సిల్ ఆమోదం తీసుకోవడం అది. వేసవిలో ట్యాంకర్ల నీటి సరఫరా, బోరు మోటార్ల మరమ్మతు, జాతరకు పారిశుద్ధ్య ఏర్పాట్లు ఇలా వస్తుంటాయి. కొత్త పనుల జాబితాలో వీటిని కలిపితే "మంజూరైంది, ఇంకా రాలేదేం" అని జనం ఎదురుచూస్తారు. "ముందే చేసినవి, ఇప్పుడు ఆమోదించినవి" అని వేరే శీర్షిక పెట్టి, ట్యాంకర్ల బిల్లయితే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని ట్రిప్పులు, ట్రిప్పుకు ఎంత అన్నది అజెండాలో ఉన్నంతవరకు రాయండి. తమ వీధికి ట్యాంకరు వచ్చిందో లేదో జనానికే బాగా తెలుసు.

బడ్జెట్ సమావేశం రాతప్రతిలో "96 కోట్ల బడ్జెట్" అన్నారు. అదే శీర్షిక పెట్టొచ్చా?

పెట్టొచ్చు గానీ దాంతో ఎవరికీ ఏమీ తెలియదు. ఉదాహరణకు ఆ 96ను విడదీస్తే ప్రారంభ నిల్వ 14 కోట్లు, సొంత ఆదాయం 31, గ్రాంట్లు 38, డిపాజిట్లూ అప్పులూ 13 అనుకుందాం. డిపాజిట్లు కాంట్రాక్టర్లవి, తిరిగి ఇవ్వాల్సినవి. గ్రాంట్లు వస్తేనే ఉంటాయి. ఊరు తన చేతులతో తెచ్చుకునేది 31 కోట్లే. అందులోంచి జీతాలు, కరెంటు బిల్లులు, డీజిల్ పోగా మిగిలేదే వార్డు పనులకు.

అంతకన్నా పనికొచ్చేది పక్క గడి. బడ్జెట్ పుస్తకంలో వచ్చే ఏడాది అంచనా పక్కనే ఈ ఏడాది సవరించిన అంచనా ఉంటుంది. పోయినసారి ఆస్తి పన్ను 11 కోట్లు వస్తుందని రాసి, సవరణలో 7.5 కోట్లకు దించి, మళ్లీ వచ్చే ఏడాదికి 12 కోట్లు అని రాశారనుకోండి. ఆ 12 మీద ఆధారపడ్డ పనులు చాలావరకు కాగితం మీదే ఉండిపోతాయి. మీ సారాంశంలో ఈ మూడు అంకెలు వరుసగా పెట్టండి. వ్యాఖ్యానం అక్కర్లేదు.

## రాసేటప్పుడు

ఒక అంశాన్ని రాతప్రతి నుంచి సారాంశం దాకా చేసి చూపిస్తారా?

కల్పిత రాతప్రతి ఇది, ఇందులో డీఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు:

చైర్‌పర్సన్: పదకొండు.
గుమాస్తా: పద్నాలుగో వార్డు, వంక కల్వర్టు నుంచి పాత బస్టాండు దాకా సీసీ డ్రెయిన్, పన్నెండు శాతం లెస్, ఆమోదం కొరకు.
కౌన్సిలర్: అమ్మా, పోయినేడు కూడా ఈ డ్రెయినుకే డబ్బు పెట్నారు. ఆ పని యాడుంది?
డీఈ: అది మొదటి బిట్టు సార్. కల్వర్టు కాడికి వచ్చి ఆగింది. ఇది రెండో బిట్టు.
ఇంకో కౌన్సిలర్: మా వార్డులో నూరు మీటర్లు మిగిలింది, అదీ కలపండి.
కమిషనర్: ఎస్టిమేట్ వేయిస్తాం.
చైర్‌పర్సన్: సరే, పాస్. పన్నెండు.

అజెండా చూస్తే అంచనా 40 లక్షలు, నిధి ఆర్థిక సంఘం గ్రాంటు, పని విలువ 32.50 లక్షలు అని ఉంది. సారాంశం ఇలా వస్తుంది:

"అంశం 11. ఆమోదించారు. 14వ వార్డు, వంక కల్వర్టు నుంచి పాత బస్టాండు దాకా సిమెంటు డ్రెయిన్ రెండో భాగం. అంచనా 40 లక్షలు, టెండరు 28.60 లక్షలు (పన్నులు కాకుండా). ఆర్థిక సంఘం గ్రాంటు. మొదటి భాగం ఎక్కడని సభ్యుడు అడగ్గా, కల్వర్టు దగ్గర ఆగిందని డీఈ చెప్పారు. (1 గం. 14 ని.)"

పక్క వార్డు నూరు మీటర్లు ఇందులో లేవు చూడండి. అవి హామీల గడిలోకి పోతాయి: "నూరు మీటర్ల పొడిగింపుకు అంచనా వేయిస్తామని కమిషనర్ అన్నారు. మంజూరు కాలేదు." ఇదొక్కటి తప్పు రాస్తే ఆ వార్డువాళ్లు ఆరు నెలలు మీ మీద కోపంగా ఉంటారు.

ఎంత పొడవు ఉండాలి? ఏ వరుసలో?

ఫోన్‌లో రెండుసార్లు పైకి జరిపితే అయిపోవాలి. అజెండా వరుసను పట్టించుకోకుండా, డబ్బు పెద్దదాని నుంచి చిన్నదానికి రాయండి. పన్నులు, చార్జీలు పెంచే అంశం ఏదైనా ఉంటే మొత్తం ఎంతైనా అది అన్నిటికన్నా పైన. ఉద్యోగుల సెలవులు, కోర్టు ఖర్చుల వంటివి ఒక్క వాక్యంలో కలిపేయొచ్చు.

సభ్యులు ఒకరి మీద ఒకరు చేసుకున్న ఆరోపణలు రాయాలా?

పని మీద చేసిన ప్రశ్న రాయండి, మనిషి మీద వేసిన నింద వదిలేయండి. "ఈ డ్రెయినుకు రెండుసార్లు బిల్లు పెట్టారా అని అడిగారు, లేదని ఇంజినీరు చెప్పారు" అన్నది సారాంశం. ఎవరు ఎంత తిన్నారన్న మాటలు రుజువు లేకుండా మీ పేరుతో తిరిగితే బాధ్యత మీదే. ఓటింగు జరిగినా, సభ్యుడు అసమ్మతి రాసిచ్చినా అది మాత్రం తప్పక ఉండాలి.

## గ్రామసభ అయితే

మాది పంచాయతీ. గ్రామసభ రాతప్రతికీ ఇదే పద్ధతా?

కొంత మారుతుంది. గ్రామసభలో ఓటర్లంతా మాట్లాడతారు, కాబట్టి రాతప్రతిలో ముప్పావు వంతు కోరికలే ఉంటాయి: రోడ్డు, బోరు, శ్మశానానికి దారి. వాటిలో ఏవి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి చేరాయన్నదే మీరు పట్టుకోవాల్సింది. కార్యదర్శి చివర్లో చదివే జాబితా అదే. చదవకపోతే అడిగి తీసుకోండి.

2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే. మిగతా 40 శాతం ఊరి ఇతర అవసరాలకు వాడొచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు కాదు. ఏ వాటాలోంచి ఏ పని అన్నది రాస్తే "సీసీ రోడ్డు ఎందుకు పెట్టలేదు" అన్న గొడవ సగం తగ్గుతుంది. తర్వాత egramswaraj.gov.in లో మీ పంచాయతీ పేరుతో ఆమోదిత ప్రణాళిక, ఓచర్ల చెల్లింపులు చూడొచ్చు. గ్రామసభలో విన్న జాబితాకూ అక్కడ ఎక్కించిన జాబితాకూ తేడా ఉంటే, ఆ తేడానే మీ పత్రంలో మొదటి లైను.

## పంపిన తర్వాత

మేం "వాయిదా" అని రాశాం, తీర్మానాల పుస్తకంలో "ఆమోదించడమైనది" అని ఉంది. ఏది నిలుస్తుంది?

అధికారికంగా చెల్లేది తీర్మానాల పుస్తకంలో ఉన్నది. కానీ మీ రాతప్రతిని చెరపకండి. పాత పత్రం మీదే "సవరణ" అని పెట్టి, రెండూ పక్కపక్కన రాయండి: రికార్డింగులో ఫలానా నిమిషంలో వాయిదా అన్నారు, తీర్మానం నంబరు ఫలానా ప్రకారం ఆమోదం. తేడాను కౌన్సిలర్‌కు చూపించండి. సభలో లేవనెత్తాల్సింది ఆయన.

పాలకవర్గం లేదు, ప్రత్యేకాధికారి ఉన్నారు. అప్పుడు రాయడానికి ఏముంటుంది?

చర్చ ఉండదు, రికార్డింగూ ఉండదు. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలను ప్రత్యేకాధికారే చేస్తారు. ఆ తీర్మానాల నకళ్లను సమాచార హక్కు కింద నెలకోసారి అడిగి, పని, హద్దులు, అంచనా, నిధి, దశ ఈ ఐదింటితోనే పత్రం రాయండి. హామీల గడి ఖాళీగానే ఉంటుంది.